కాలమండలాలు, దినరేఖ: తేదీ ఎక్కడ మారుతుంది, ఎందుకు మారుతుంది? (తరచుగా అడిగే ప్రశ్నలు)

పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న ఇళ్లలో టికెట్ కొన్న ప్రతిసారీ ఇవే సందేహాలు మళ్లీ మొదలవుతాయి. బయలుదేరిన సమయం కంటే ముందే ఎలా దిగుతాం? మధ్యలో ఒక రోజు ఏమైపోయింది? ప్రతిసారీ ఫోనులో వివరించే బదులు అన్నీ ఒక చోట రాసి పెట్టాను. వరుసగా చదవనక్కర్లేదు. మీ ప్రశ్న ఏదో చూసుకుని దాని జవాబు చదివితే చాలు.

## గడియారాలు ఎందుకు వేరయ్యాయి

ప్రపంచమంతా ఒకే సమయం పెట్టుకుంటే ఈ గొడవంతా ఉండేది కాదు కదా?

పెట్టుకోవచ్చు. విమానాలు నడిపేవారు, వాతావరణ శాఖలవారు అలాగే చేస్తారు. వాళ్ల పనులన్నీ యూటీసీ అనే ఒకే ప్రపంచ సమయంలో సాగుతాయి. మామూలు జనానికి మాత్రం అది కుదరదు. మనకు 'ఉదయం ఏడు' అంటే గడియారంలో ఒక అంకె మాత్రమే కాదు, తెల్లవారి కాఫీ తాగే వేళ. ప్రపంచమంతటా ఒకే గడియారం ఉంటే మనకు తెల్లవారేటప్పటికి ఒంటి గంట కావస్తుంది, కాలిఫోర్నియాలో మధ్యాహ్నం ఎనిమిదికి అవుతుంది. అంతకంటే పెద్ద చిక్కు తేదీతో వస్తుంది. మన దగ్గర పొద్దున్నే ఐదున్నరకు, పాలవాడు వచ్చే వేళకు, సోమవారం పోయి మంగళవారం వస్తుంది. రాత్రి నిద్రలో తేదీ మారిపోవాలన్న కోరిక వల్లే కాలమండలాలు పుట్టాయని చెప్పినా తప్పు లేదు.

రైళ్లు రాకముందు ఒక్కో ఊరికి ఒక్కో సమయం ఉండేదట, నిజమేనా?

నిజమే. సూర్యుడు నడినెత్తికి వచ్చినప్పుడు పన్నెండు అనుకునేవారు. భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది. అంటే గంటకు 15 డిగ్రీలు, డిగ్రీకి 4 నిమిషాలు. కాబట్టి పక్క జిల్లాకు వెళ్లినా రెండు మూడు నిమిషాల తేడా ఉంటుంది. ఎడ్లబండిలో వెళ్లేవాడికి ఆ తేడా పట్టదు. రైలుకు పడుతుంది. ఒకే పట్టాల మీద నడిచే రెండు రైళ్ల గార్డులు రెండు ఊళ్ల గడియారాలు నమ్ముకుంటే ప్రమాదం తప్పదు. అందుకే ఇంగ్లండులో గ్రేట్ వెస్టర్న్ రైల్వే 1840లోనే తన స్టేషన్లన్నిటిలో లండన్ సమయం పెట్టింది. అమెరికా, కెనడా రైల్వేలు 1883 నవంబరు 18న మండలాల పద్ధతికి మారాయి. ఆ రోజు కొన్ని ఊళ్లలో స్థానిక గడియారం ప్రకారం ఒకసారి పన్నెండయింది, కాసేపటికి రైలు గడియారం ప్రకారం మళ్లీ పన్నెండయింది.

మన దేశంలోనూ అంతే. బొంబాయి సమయం గ్రీనిచ్ కంటే 4 గంటల 51 నిమిషాలు ముందు, కలకత్తా సమయం 5 గంటల 53 నిమిషాలు ముందు. రెండింటికీ గంటకు పైగా తేడా. మధ్యలో ఉన్న మద్రాసు సమయం (5 గంటల 21 నిమిషాలు) రైల్వేలకు రాజీ సమయంగా పనికొచ్చింది.

అందరికీ పూర్తి గంటల తేడా ఉంటే మనకు ఆ అరగంట ఎందుకు?

మన దేశం అడ్డంగా దాదాపు 29 డిగ్రీల మేర పరుచుకుని ఉంది. పడమట ద్వారకకు, తూర్పున అరుణాచల్ అంచుకు సూర్యుడి లెక్కలో సుమారు రెండు గంటల తేడా. ఒకే సమయం చాలనుకున్నప్పుడు మధ్యలో ఉన్న 82.5 డిగ్రీల రేఖాంశాన్ని తీసుకున్నారు. 82.5ను 15తో భాగిస్తే ఐదున్నర. అరగంట అలా వచ్చింది. భారత ప్రామాణిక కాలం 1906 జనవరి 1న మొదలైంది. కలకత్తా 1948 వరకు, బొంబాయి 1955 వరకు తమ పాత సమయాలను వదిలిపెట్టలేదు.

ఆ రేఖాంశం ఉత్తరప్రదేశ్‌లో మీర్జాపూర్ దగ్గరగా వెళ్లి, మన వైపు కాకినాడకు కాస్త తూర్పుగా దిగుతుంది. కాబట్టి కాకినాడవారి గడియారానికీ సూర్యుడికీ దాదాపు పొత్తు కుదురుతుంది. హైదరాబాద్ అక్కడి నుంచి నాలుగు డిగ్రీలు పడమటికి ఉంది. అందువల్ల అక్కడ సూర్యుడు నడినెత్తికి వచ్చేది సగటున 12 గంటల 16 నిమిషాలకు. విశాఖలో పన్నెండుకు మూడు నిమిషాలు ముందే వస్తాడు. (నెలను బట్టి ఇది పావుగంట దాకా అటూ ఇటూ జరుగుతుంది. ఒక్క రోజు కొలిచి నా లెక్క తప్పని చెప్పకండి.)

## దినరేఖ అంటే

కాలమండలాలు ఉన్నాయి కదా, మళ్లీ దినరేఖ ఎందుకు?

ఈ లెక్క ఒకసారి వేలితో గీసి చూడండి. గ్రీనిచ్‌లో సోమవారం మధ్యాహ్నం 12. తూర్పుకు 15 డిగ్రీలు జరిగితే ఒంటి గంట, 30 డిగ్రీలకు రెండు, అలా 180 డిగ్రీలు చేరేసరికి సోమవారం అర్ధరాత్రి ముగిసి మంగళవారం మొదలవుతుంది. ఇప్పుడు మళ్లీ గ్రీనిచ్ నుంచి పడమటికి రండి. 15 డిగ్రీలకు పదకొండు, 30 డిగ్రీలకు పది, అలా తగ్గుతూ 180 డిగ్రీలకు వచ్చేసరికి సోమవారం అప్పుడే మొదలవుతోంది. రెండుసార్లూ మనం చేరింది ఒకే చోటికి. ఒక లెక్క అక్కడ మంగళవారం పుడుతోందంటుంది, మరో లెక్క సోమవారం పుడుతోందంటుంది. గడియారం ముళ్లు రెండింట్లోనూ పన్నెండు మీదే ఉన్నాయి, తేడా సరిగ్గా 24 గంటలు.

ఇది ఎవరూ చేసిన పొరపాటు కాదు. గుండ్రటి దాని చుట్టూ గంటలు పంచితే రెండు కొసలు కలిసే చోట 24 గంటల అతుకు పడి తీరుతుంది. ఆ అతుకు పేరే దినరేఖ. అది ఊళ్ల మీద కాకుండా పసిఫిక్ సముద్రంలో పడేలా చూసుకున్నారు, అంతే.

అర్ధరాత్రికీ తేదీ మారుతుంది, దినరేఖ దగ్గరా మారుతుంది. ఏది నిజం?

రెండూ నిజమే. ఏ క్షణంలోనైనా భూమి మీద రెండు తేదీలను విడదీసే సరిహద్దులు రెండుంటాయి. ఒకటి అర్ధరాత్రి. అది కదులుతుంది, గంటకు 15 డిగ్రీల చొప్పున పడమటికి జరుగుతూ ఉంటుంది. రెండోది దినరేఖ. అది కదలదు. కొత్త రోజు దినరేఖ దగ్గర పుట్టి, అర్ధరాత్రి వెంట పడమటికి పాకుతూ న్యూజిలాండ్, జపాన్, ఇండియా, యూరప్, అమెరికా దాటి మళ్లీ దినరేఖ చేరుతుంది. అప్పటికి అక్కడ ఇంకో కొత్త రోజు సిద్ధంగా ఉంటుంది. ఇంట్లో ఉన్నవాడి మీదుగా అర్ధరాత్రి వెళ్తుంది. దినరేఖ మీదుగా మాత్రం మనమే వెళ్లాలి.

ఈ సంగతి మొదట ఎవరికి తెలిసింది?

మెగెల్లాన్ బృందం నావికులు పడమటికి సాగి భూమి చుట్టి వస్తూ 1522 జులైలో కేప్ వెర్డ్ దీవుల దగ్గర ఆగారు. ఓడలో రోజూ తప్పకుండా రాసుకున్న లెక్క ప్రకారం ఆ రోజు బుధవారం. ఒడ్డున ఉన్నవాళ్లు గురువారం అన్నారు. రోజువారీ దినచర్య రాసిన పిగఫెట్టా, తాను ఏ రోజునూ వదిలేయలేదే అని ఆశ్చర్యపోయాడు. తర్వాత కారణం అర్థమైంది. పడమటికి వెళ్లేవాడు సూర్యుడి వెంట నడుస్తున్నట్టే. వాడి పగలు, రాత్రి కలిసి 24 గంటల కంటే కొంచెం పొడుగు. మూడేళ్ల ప్రయాణం మీద అది రోజుకు సగటున నిమిషం పైచిలుకే. గమనించేంత కాదు. కానీ చుట్టు పూర్తయ్యేసరికి ఆ నిమిషాలన్నీ కలిసి ఒక పూర్తి రోజు అయ్యాయి. ఊళ్లో ఉన్నవాళ్ల కంటే వాళ్లు ఒక సూర్యోదయం తక్కువ చూశారు.

దినరేఖను ఎవరు గీశారు? అన్ని వంకరలు ఎందుకు?

ఎవరూ గీయలేదంటే చాలామంది నమ్మరు. 1884 అక్టోబరులో వాషింగ్టన్‌లో 25 దేశాలు కూర్చుని గ్రీనిచ్‌ను సున్నా రేఖాంశంగా ఎంచుకున్నాయి. దినరేఖ గురించి ఒప్పందమేదీ రాసుకోలేదు. ఈనాటికీ దాన్ని నిర్ణయించే అంతర్జాతీయ సంస్థ ఏదీ లేదు. ప్రతి దేశమూ తన నేల మీద ఏ తేదీ నడవాలో తానే చెబుతుంది, పటాలు గీసేవాళ్లు ఆ దేశాల మధ్య నుంచి గీత లాగుతారు. అందుకే ఆ వంకరలు. 180 డిగ్రీల రేఖాంశం ఫిజీలోని తవేయునీ దీవి మీదుగా పోతుంది. అక్షరాలా పాటిస్తే ఒకే దీవిలో ఒక ఊళ్లో ఆదివారం, పక్క ఊళ్లో సోమవారం. ఫిజీ అంతా ఒకే వైపు ఉంటుంది.

కిరిబాటీ కథ ఇంకా చిత్రం. దాని దీవులు రేఖకు రెండు పక్కలా ఉండటంతో ప్రభుత్వ కార్యాలయాలు వారంలో నాలుగు రోజులే కలిసి పనిచేసేవి. 1994 చివర తూర్పు దీవుల క్యాలెండర్‌ను ఒక రోజు ముందుకు జరిపారు. దాంతో పటంలో దినరేఖ తూర్పుకు పెద్ద నాలుకలా పొడుచుకొచ్చింది.

ఒక దేశం నిజంగానే ఒక రోజును ఎగరగొట్టిందా?

సమోవా 2011లో ఆ పని చేసింది. డిసెంబరు 29 గురువారం రాత్రి జనం నిద్రపోయి, లేచేసరికి 31వ తేదీ శనివారం. ఆ దేశానికి 2011 డిసెంబరు 30 శుక్రవారం అనేదే లేదు. ఆ లేని శుక్రవారానికి కూడా ఉద్యోగులకు జీతం ఇవ్వాల్సిందేనని ప్రభుత్వం చెప్పింది.

కారణం పూర్తిగా వ్యాపారం. సమోవాకు లావాదేవీలన్నీ ఎక్కువగా న్యూజిలాండ్, ఆస్ట్రేలియాలతో. ఇక్కడ శుక్రవారం పని చేస్తుంటే అక్కడ శనివారం సెలవు. ఇక్కడ ఆదివారం చర్చిలో ఉంటే అక్కడ సోమవారం ఆఫీసులు తెరిచి ఎదురుచూస్తుంటారు. వారంలో రెండు పనిదినాలు వృథా. నిజానికి సమోవా మొదట ఆసియా వైపు తేదీలోనే ఉండేది. 1892లో అమెరికాతో వ్యాపారం కోసం జులై 4వ తేదీని రెండుసార్లు జరుపుకుని అమెరికా వైపు తేదీకి వచ్చింది. లీపు సంవత్సరం కావడంతో ఆ ఏడాది వాళ్లకు 367 రోజులు. 119 ఏళ్ల తర్వాత ఆ అరువు తీర్చేశారన్నమాట.

పక్కనే ఉన్న అమెరికన్ సమోవా మారలేదు. ఇప్పుడు రెండింటి గడియారాలూ నిమిషంతో సహా ఒకటే, తేదీ మాత్రం వేరు. సమోవా రాజధాని అపియాలో సోమవారం ఉదయం పదికి చిన్న విమానం ఎక్కితే, ముప్పావు గంటలోపే అమెరికన్ సమోవాలోని పాగో పాగోలో దిగుతారు. అక్కడ ఆదివారం ఉదయం పదిన్నర దాటి ఉంటుంది. కాలమండలాల గందరగోళం లేకుండా దినరేఖ ఒక్కటే చేసే పని చూడాలంటే ఇంతకంటే శుభ్రమైన ఉదాహరణ లేదు.

## టికెట్ కొనేటప్పుడు

ఎటు వెళ్తే రోజు కలపాలి, ఎటు వెళ్తే తీసేయాలి?

తూర్పు, పడమర అని గుర్తుపెట్టుకుంటే తికమక పడతారు. ఎందుకంటే ఆ రేఖకు 'తూర్పున' ఉన్నది మనం పడమటి దేశం అనుకునే అమెరికా. గోడకు వేలాడే రోజుకో కాగితం చింపే క్యాలెండర్‌ను తలచుకోండి. పసిఫిక్ మీదుగా అమెరికా నుంచి ఆసియాకో ఆస్ట్రేలియాకో వస్తే ఒక కాగితం అదనంగా చింపాలి. ఆసియా నుంచి అమెరికాకు వెళ్తే చింపిన కాగితాన్ని మళ్లీ అతికించాలి.

టోక్యోలో సాయంత్రం ఎక్కితే శాన్‌ఫ్రాన్సిస్కోలో అదే రోజు పొద్దున దిగుతామా? టికెట్‌లో తప్పు పడిందేమో?

తప్పు లేదు. జనవరిలో ఒక శనివారం సాయంత్రం 5 గంటలకు టోక్యోలో బయలుదేరి, తొమ్మిదిన్నర గంటలు ఎగిరారనుకుందాం. టోక్యో యూటీసీ కంటే 9 గంటలు ముందు కాబట్టి బయలుదేరిన సమయం యూటీసీలో శనివారం ఉదయం 8. దానికి తొమ్మిదిన్నర కలిపితే శనివారం సాయంత్రం 5:30. శాన్‌ఫ్రాన్సిస్కో శీతకాలంలో యూటీసీ కంటే 8 గంటలు వెనక. తీసేస్తే శనివారం ఉదయం 9:30. ఎక్కిన సమయం కంటే ఏడున్నర గంటలు ముందు దిగారు.

తిరుగు ప్రయాణంలో దీనికి వడ్డీతో చెల్లిస్తారు. శనివారం ఉదయం 11కు అక్కడ ఎక్కితే యూటీసీలో అది రాత్రి 7. గాలి ఎదురు కాబట్టి 11 గంటల ప్రయాణం. యూటీసీలో ఆదివారం ఉదయం 6, టోక్యోలో ఆదివారం మధ్యాహ్నం 3.

ఈ లెక్కలో దినరేఖ ఊసే ఎత్తలేదని గమనించారా? బయలుదేరిన చోటి సమయాన్ని యూటీసీలోకి మార్చి, ప్రయాణ గంటలు కలిపి, దిగే చోటి సమయంలోకి మార్చితే తేదీ దానంతట అదే సరిగ్గా వస్తుంది. దినరేఖను గుర్తుపెట్టుకుని విడిగా ఒక రోజు కలపడం, తీయడం చేసేవాళ్లే ఎక్కువగా తప్పుతారు. ఒకే రోజును రెండుసార్లు లెక్కపెడతారు.

హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగా వెళ్తే దినరేఖ దాటం కదా, మరి తేదీ ఎలా వెనక్కి వెళ్తుంది?

అటు వెళ్తే గంటలు చిల్లరగా వెనక్కి పోతాయి. దుబాయ్‌లో గంటన్నర, తర్వాత మిగతాది. కాలిఫోర్నియా చేరేసరికి మొత్తం పదమూడున్నర గంటలు (వేసవిలో పన్నెండున్నర). టోక్యో వైపు నుంచి వెళ్తే మొదట మూడున్నర గంటలు ముందుకు పోతారు, ఆ తర్వాత ఇంకో ఏడు గంటలు ముందుకు పోయి, దినరేఖ దగ్గర ఒక్కసారిగా 24 గంటలు వెనక్కి వస్తారు. పదిన్నర ముందుకు, ఇరవై నాలుగు వెనక్కి. మిగిలేది మళ్లీ పదమూడున్నరే. ఏ సముద్రం మీదుగా వెళ్లినా కాలిఫోర్నియాలో దిగినవాడికి ఆ క్షణంలో ఒకటే తేదీ. దినరేఖ ఉన్నది సరిగ్గా అందుకే.

శనివారం ఉపవాసం ఉంటాను. లాస్‌ ఏంజెలెస్ నుంచి సిడ్నీకి శుక్రవారం రాత్రి విమానం. నా శనివారం ఏమైంది?

జనవరిలో శుక్రవారం రాత్రి 10:30కి ఎక్కి, 15 గంటలు ప్రయాణిస్తే సిడ్నీలో ఆదివారం ఉదయం 8:30కి దిగుతారు. శనివారం మొదలైంది మీరు గాల్లో ఉన్నప్పుడు, ముగిసిందీ గాల్లోనే. చీకట్లోనే మొదలై, దినరేఖ దగ్గర మధ్యలో తెగిపోయింది. ఆ రాత్రి విమానంలో భోజనం మానేసి అదే ఉపవాసం అనుకున్న ఒక పెద్దాయన నాకు తెలుసు. స్వామికి అభ్యంతరం ఉంటుందని నేను అనుకోను.

పుట్టినరోజు ఆ శనివారమే పడితే మాత్రం కేకు ముందు రోజే కోసుకోండి.

హోటల్ బుకింగ్‌లో ఎక్కడ పొరపాటు జరుగుతుంది?

టికెట్ మీద ప్రతి సమయమూ ఆ ఊరి స్థానిక సమయమే, తేదీ కూడా అంతే. దిగే సమయం పక్కన చిన్నగా +1, +2 అని ఉంటే ఎక్కిన తేదీకి అన్ని రోజులు కలపాలి. అమెరికా నుంచి ఆస్ట్రేలియాకు +2 మామూలే. -1 కూడా కనిపిస్తుంది. టోక్యోలో అర్ధరాత్రి దాటాక ఎక్కితే అమెరికాలో ముందు రోజు సాయంత్రం దిగుతారు. మా బంధువు ఒకరు ఆ చిన్న అంకె చూడక, ఎక్కిన తేదీకే గది తీసుకున్నారు. తీరా దిగింది ముందు రోజు సాయంత్రం. ఆ రాత్రికి గది లేదు. గది తీసుకునేటప్పుడు చూడాల్సింది దిగే తేదీ ఒక్కటే.

## వెళ్లాక, వచ్చాక

దినరేఖ దాటితే వయసు ఒక రోజు తగ్గుతుందా?

తగ్గదు. మారేది తేదీకి పెట్టిన పేరు, గడిచిన గంటలు కావు. రోజూ ఒకే వేళకు వేసుకునే మందులకు కూడా తేదీ చూడకుండా గంటలు లెక్కపెట్టాలి. ఇన్సులిన్ లాంటివి వాడేవారు బయలుదేరే ముందే వేళలు డాక్టరుతో రాయించుకోవాలి.

పంచాంగంలో పండుగ ఆదివారం అని ఉంది. అమెరికాలో మావాళ్లు శనివారమే చేశారు. ఎవరిది తప్పు?

ఇద్దరిదీ ఒప్పే. తిథి అనేది చంద్రుడు, సూర్యుడు ఆకాశంలో ఉన్న ఎడాన్ని బట్టి వచ్చేది. అది ప్రపంచమంతటా ఒకే క్షణంలో మొదలై ఒకే క్షణంలో ముగుస్తుంది. కానీ సూర్యోదయ సమయానికి ఉన్న తిథిని బట్టి చేసే పండుగలకు సూర్యోదయం మాత్రం ఎవరి ఊరిది వారిదే. ఒక శీతకాలపు తిథి మనకు శనివారం ఉదయం 8కి మొదలై ఆదివారం ఉదయం 9కి ముగిసిందనుకోండి. మనకు అది ఆదివారం సూర్యోదయాన ఉంది. అదే తిథి కాలిఫోర్నియా గడియారంలో శుక్రవారం సాయంత్రం 6:30కి మొదలై శనివారం రాత్రి 7:30కి ముగిసింది. వాళ్లకు అది శనివారం సూర్యోదయాన ఉంది, ఆదివారానికి లేదు. ఇక్కడి పంచాంగంలోని తేదీని అక్కడికి యథాతథంగా పంపకూడదు. ఆ ఊరికి గుణించిన పంచాంగం చూసుకోవాలి.

కొత్త సంవత్సరం అందరికంటే ముందు ఎక్కడ, చివర ఎక్కడ?

ముందు కిరిబాటీలోని తూర్పు దీవుల్లో. అక్కడ యూటీసీ కంటే 14 గంటలు ముందు. మనకు డిసెంబరు 31 మధ్యాహ్నం మూడున్నర అయినప్పుడు వాళ్లకు జనవరి 1 మొదలవుతుంది. మనుషులు నివసించే చోట్లలో చివరివి అమెరికన్ సమోవా, నియూ దీవి. అక్కడ జనవరి 1 వచ్చేసరికి మనకు జనవరి 1 సాయంత్రం నాలుగున్నర. రెండింటికీ మధ్య 25 గంటలు. రోజుకు ఉన్నవి 24 గంటలే కాబట్టి, ప్రతి రోజూ మన మధ్యాహ్నం మూడున్నర నుంచి నాలుగున్నర దాకా భూమి మీద ఒకేసారి మూడు తేదీలు నడుస్తుంటాయి. కిరిబాటీ తూర్పు దీవుల్లో రేపు, మన దగ్గర ఈ రోజు, పాగో పాగోలో ఇంకా నిన్న రాత్రి.